నూరు మగ్గాలవాడి ఆలస్యపు జవాబు

కోయంబత్తూరు ఎగ్జిబిషన్‌లో మా స్టాలు ముందు జనం తేరు లాగడానికి వచ్చినట్టు మూగారని నేను ఊరికొచ్చాక మా వీధిలో చెప్పుకున్నాను. నిజానికి వచ్చినవాళ్లు పదిమందికి మించరు. అందులో ముగ్గురు ఫ్యాను గాలి కోసం నిలబడ్డారు. ఒకాయన దారి అడిగి పోయాడు. మిగిలినవాళ్లలో ఒకరే అసలైన బేరగాడు. ఈ కథ ఆయన గురించి.

మాది కట్లబట్ట నేసే షెడ్డు. ఆసుపత్రుల్లో గాయాల మీద వేసే పల్చని నూలుబట్ట. మా ఊళ్లోనూ చుట్టుపక్కలా ఇలాంటి షెడ్లు చాలా ఉన్నాయి. నూలు తెచ్చి పవర్ మగ్గాల మీద నేస్తాం, బ్లీచింగుకు పంపిస్తాం, తెల్లబడి వచ్చిన బట్టను తాన్లుగా కట్టి అమ్ముతాం. దాన్ని కోసి, చుట్టి, పెట్టెల్లో పెట్టి ఆసుపత్రులకు అందించేవాళ్లు వేరే ఉంటారు. ఆ వేరే ఉండేవాళ్ల కోసమే నేనూ ఇంకో నలుగురు చిన్న షెడ్లవాళ్లమూ కలిసి కోయంబత్తూరులో ఒక స్టాలు తీసుకున్నాం.

రెండో రోజు మధ్యాహ్నం ఒక పొట్టి మనిషి వచ్చి మా బట్టను వేళ్ల మధ్య నలిపి, పక్కనున్న మనిషితో నింపాదిగా తెలుగులో అన్నాడు. "బట్ట బాగానే ఉందిరా. కానీ ఈ అరవాయన మొహం చూస్తే రేటు దగ్గర మనల్ని మింగేసేలా ఉన్నాడు."

నేను చేతులు కట్టుకుని, "మింగేంత పళ్లు లేవు సార్. కూర్చోండి, కాఫీ తాగతారా?" అన్నాను, మా ఇంటి తెలుగులో.

ఆయన మొహం చూడాలి. నాలుక కరుచుకున్నాడు, తర్వాత నవ్వాడు, తర్వాత నా రెండు చేతులూ పట్టుకున్నాడు. గుంటూరు దగ్గర ఆయనకు కట్లు చుట్టే చిన్న యూనిట్ ఉందట. "బాబాయిగారూ, రెండు రోజుల్నుంచి ఇక్కడ ఇంగ్లీషులో నత్తి కొడుతూ తిరుగుతున్నానండీ. తమిళం రాదు. మీరు దొరికారు" అన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే నేను నేను కాదు. తమిళనాడులో ఇంత దక్షిణాన తెలుగువాళ్లు ఎలా ఉన్నారని ఆయన ఆశ్చర్యపోతుంటే నాకు ఒళ్లు పొంగింది. మా తాతముత్తాతల సంగతి మొదలుపెట్టాను. మా ఇంట్లో అటకనిండా తెలుగు పుస్తకాలే ఉన్నాయన్నాను. పొద్దున లేవగానే నాలుగు పద్యాలు చదవనిదే కాఫీ ముట్టనన్నాను. మాటల మధ్యలో మగ్గాల సంగతి వచ్చింది.

"ఎన్ని ఉన్నాయండీ మీకు?"

"నూరు దాకా ఉండాయి."

ఇక్కడ నిజం చెప్పేస్తాను. మా అటక మీద ఉన్నవి పాత బాబిన్లు, ఒక విరిగిన ఉయ్యాల. మా ఊళ్లో తెలుగు ఇంటి మాట, అంతే. బడిలో చదివింది తమిళం, ఉత్తరం రాసేది తమిళం, పెళ్లి పత్రిక అచ్చు వేసేది తమిళం. తెలుగు అక్షరం నా కంటికి జిలేబి చుట్టు. మగ్గాలు పన్నెండు. నూరు అన్నది ఎలా వచ్చిందో నాకూ తెలియదు. స్టాలు పంచుకున్న మిగతా నలుగురివీ కలిపినా నూరు కావు.

ఆయన వెళ్లబోతూ చాలా సంతోషంగా అన్నాడు. "అయితే బాబాయిగారూ, నేను మీకు తెలుగులోనే రాస్తానండీ. ఇంగ్లీషులో రాయాలంటే మా మేనల్లుణ్ని బతిమాలుకోవాలి. మీరైతే హాయి."

"అట్లే రాయండి" అన్నాను, పద్యాలు చదివేవాడి గంభీరతతో.

వారం తిరగకముందే వాట్సాప్‌లో వచ్చింది. ఎంత పొడవు! నిండా జిలేబీలే. నడుమ నడుమ మూడు చోట్ల ప్రశ్న గుర్తులు మాత్రం నాకు తెలిశాయి. అంటే ఏవో మూడు అడిగాడు. ఆ మూడూ ఏమిటో దేవుడికెరుక.

మరునాడు టీ అంగట్లో నా చిన్ననాటి స్నేహితుణ్ని పట్టుకున్నాను. వాడు ఒకప్పుడు చాన్నాళ్లు నెల్లూరులో ఒక మిల్లులో పనిచేసి వచ్చాడు. అప్పటినుంచీ తెలుగు చదవడం రాయడం తనకే తెలుసని వీధంతా చెప్పుకుంటాడు. ఫోను వాడి చేతిలో పెట్టాను. కళ్లద్దాలు తుడిచాడు. ఫోను దగ్గరకు పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. టీ చల్లారింది.

"ఏమప్పా, ఏం రాసినాడు?"

"మంచి మనిషి" అన్నాడు వాడు. "చాలా మర్యాదగా రాసినాడు."

"మర్యాద సరి, సంగతి ఏమి?"

"సంగతి కూడా మర్యాదగానే రాసినాడు."

మేమిద్దరం కొంచెం సేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇద్దరం ఒకే జాతి అని ఇద్దరికీ తెలిసింది. వాడు ఫోను తిరిగిచ్చి, టీకి డబ్బు తానే ఇస్తానని వాదించాడు. వాడు జీవితంలో ఇచ్చిన మొదటి టీ అది.

ఇంటికి పోయి కోడలికి చూపిస్తే సరిపోయేది. షెడ్డు లెక్కా, నూలు కొనడం, బ్లీచింగువాళ్లతో తగాదా, అన్నీ చూసుకునేది ఆమే. కానీ చూపిస్తే, తెలుగులో ఎందుకు రాశాడని అడుగుతుంది. చెబితే పద్యాల సంగతి బయటపడుతుంది. పద్యాలు బయటపడితే మగ్గాలూ పడతాయి. రేపు చూద్దామనుకున్నాను.

ఆలస్యం చేసిన జవాబుకి ఒక గుణం ఉంది. మొదటి వారం దానికి ఒక్క వాక్యం చాలు. రెండో వారానికి ఒక కారణం కావాలి. మూడో వారానికి ఒక కథ కావాలి. నాలుగో వారం వచ్చేసరికి మంచి జబ్బు ఏదైనా ఉండాలి. నడుమ ఆయన ఒకసారి ఒట్టి ప్రశ్న గుర్తు పంపాడు. ఇంకోసారి రెండు చేతులు జోడించిన బొమ్మ పంపాడు. ఆ బొమ్మ నన్ను కొట్టినంత పని చేసింది. ఆ తర్వాత ఏమీ పంపలేదు. ఫోను మోగితే ఆయనేమో అని, మోగకపోతే ఆయన కాదే అని, రెండు విధాలా దాన్ని బోర్లించి పెట్టేవాణ్ని.

ఇంతలో షెడ్డులో వేరే కష్టం ముదిరింది. పన్నెండు మగ్గాల్లో ఉత్తరం వైపు నాలుగు ఆగిపోయి ఉన్నాయి. పాత కొనుగోలుదారు ఒకాయన వ్యాపారం తగ్గించుకున్నాడు. ఆ నాలుగు మగ్గాలూ నడిపేది ఒకే ఆమె. మా షెడ్డులో చాలాకాలంగా ఉన్న మనిషి, మా మాదిరే ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం. మిగతావాళ్లు సెలవు పెట్టినప్పుడు వాళ్ల మగ్గాల దగ్గర నిలబడుతూ నెట్టుకొస్తోంది. ఒక పొద్దున ఆమె కోడలి మేజా దగ్గరికి వచ్చి నిలబడింది. నేను పక్కనే పేపరు చూస్తున్నాను.

"అక్కా, తళవాయిపురంలో నైటీలు కుట్టే చోట పిలుస్తా ఉండారు. రోజూ బస్సు ఉండాది. నాకు పోవాలని లేదు. ఆ నాలుగు మగ్గాలకు పని వస్తాదా, రాదా? నెల ముగిసేలోపు ఒక మాట చెప్పండి. వచ్చే నెల నేను వాళ్లకు ఏదో ఒకటి చెప్పాల."

ఆమె పోయాక కోడలు నా వైపు తిరిగింది. "మామా, కోయంబత్తూరులో ఎవరో గుంటూరాయన ఆర్డర్ ఇస్తానన్నాడని చెప్పినారే. ఏమాయె?"

"ఆయన ఏమీ రాయలేదమ్మా" అన్నాను.

నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో! ఒక్క మాటతో నా తప్పు గుంటూరుకు పార్సిల్ అయిపోయింది. పేపరు కొంచెం పైకెత్తుకున్నాను.

"రాయలేదా? స్టాల్లో అంత కాఫీ తాగినాడని చెప్పినారు. అతని కార్డు నా దగ్గర ఉండాది." డ్రాయరు లాగిన చప్పుడు వినిపించింది. "నేనే రాస్తాను. రాస్తానని చెప్పి ఇట్లా మాట తప్పడం న్యాయమా అని అడుగుతాను. ఒక మనిషి పని పోతా ఉంటే మనం సుమ్మా, ఊరికే ఎందుకు ఉండాల?"

పేపరు అంచు మీంచి చూశాను. నిజంగానే ఫోను తీసి నంబరు కొడుతోంది. నేనే ఎవరికి మాట తప్పానో ఆ మనిషికి, మాట తప్పావని రాయబోతోంది.

"వద్దమ్మా."

"ఎందుకు?"

"ఆయన రాసినాడు."

"ఎప్పుడు?"

"వచ్చి చాలా నాళ్లయింది."

ఆమె ఫోను కింద పెట్టింది. అరవలేదు. అరిచి ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది. నేను అన్నీ చెప్పాను. పద్యాలు, అటక, నూరు మగ్గాలు, టీ అంగడి. టీ అంగడి దగ్గరికి వచ్చేసరికి ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది.

"ఇవ్వండి ఫోను."

ఆమె ఆ జిలేబీల మీద వేలు ఒత్తిపట్టి, వాటిని ఎక్కడికో తీసుకుపోయి, ఏదో నొక్కింది. ఫోను నోరు తెరిచి, ఒక ఆడమనిషి గొంతుతో, గడగడా తెలుగు చదివేసింది. నెల రోజులు నేను మోసిన బరువును అది ఒక గుక్కలో దించింది. ఆ విద్య నా ఫోనుకే తెలుసునని నాకు ముందు తెలిసి ఉంటే బాగుండేది.

"గౌరవనీయులైన బాబాయిగారికి నమస్కారాలు" అని మొదలైంది. మీ ఆరోగ్యం కుశలమని తలుస్తాను అంది. కొన్ని మాటలు మా ఇద్దరికీ అందలేదు. అవి వచ్చినప్పుడు మేం ఒకరి వైపు ఒకరం చూసుకుని ముందుకు పోయాం. సారం ఇది. ఆయన అడిగినవి మూడే. బట్టలో అంగుళానికి నిలువు పోగులు ఎన్ని, అడ్డం పోగులు ఎన్ని. బ్లీచింగు అయిన బట్టే ఇస్తారా. ఆర్డర్ ఇచ్చినప్పటినుంచి లారీ ఎక్కడానికి ఎన్ని రోజులు పడుతుంది. నాలుగు ఆసుపత్రులకు సరుకు అందించాలి, ఫలానా తేదీలోగా చెబితే మంచిది అన్నాడు. ఆ తేదీ దాటిపోయి చాలా రోజులైంది.

మూడూ ఎంత చిన్నవి! పేపరు చదివే టైములో జవాబు చెప్పదగ్గవి. ఉత్తరం వైపు మగ్గాలు కిటికీలోంచి కనిపిస్తున్నాయి, ఒకటీ కదలడం లేదు. నేను అటు చూడడం మానేశాను.

"ఇప్పుడే ఫోను చేస్తాను" అన్నాను.

"వద్దు మామా. నెల రోజులు పలకనివాళ్లు టపీమని ఫోన్లో దూరితే ఆయన ఏం చెప్తాడు? మొహమాటానికి సరేనంటాడు, లేకపోతే కసురుకుంటాడు. రెండూ మనకు పనికిరావు. వాయిస్ పంపండి. ఆయనకు తీరికైనప్పుడు వింటాడు, వద్దనుకుంటే వద్దంటాడు. మీకు మాట్లాడను వస్తాది కదా."

అది మాత్రం నాకు వస్తుంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "నాకు డెంగీ వచ్చి..."

ఆమె ఫోను లాగేసుకుంది. "డెంగీయా? రేపు ఆయన రక్తకణాలు ఎంత అని అడుగుతాడు. ఎల్లుండి ఇంకొకరు అడుగుతారు. ఏడాది పొడుగూ మీరు డెంగీ మనిషిగా బతకాల."

"అయితే కొండల్లోంచి ఏనుగులు దిగి..."

"మామా."

రెండోసారి నిజమే చెప్పాను. కానీ నిజాన్ని కూడా పెద్దది చేయడం నా చేతికి అలవాటు. మా పూర్వీకులు ఏ దారిన ఈ ఊరికి వచ్చారు, తెలుగు బడి ఎందుకు లేకపోయింది, నేను ఎంత పాపిని, నా వయసులో నాకు ఈ సిగ్గు అవసరమా, క్షమించండి, మళ్లీ క్షమించండి, నా కాళ్లయినా పట్టుకునేవాణ్ని. ఇలా పోయింది. ఆపి చూస్తే ఏడు నిమిషాలు. కోడలు ఓపికగా అంతా విన్నది.

"ఇది విని ఆయన ఏం చెయ్యాల?" అంది.

"మన్నించాల."

"మన్నించి? ఆయన బట్ట కొనను వచ్చినాడు. తప్పు ఒకసారి చెప్తే చాలు. నాలుగు సార్లు చెప్తే ఆయన తన పని విడిచి మిమ్మల్ని ఓదార్చాల. దాని తర్వాత ఆయన అడిగినదానికి జవాబు. దాని తర్వాత ఆయన సులువుగా చెప్పగలిగే ఒకే ఒక్క మాట అడగండి. అంతే."

"మరి పద్యాలు, మగ్గాలు? అవి చెప్పాలా?"

ఆమె కొంచెం ఆలోచించింది. "చదవను రాదని చెప్పాల. లేకపోతే ఆయన మళ్లీ రాస్తాడు, మీరు మళ్లీ దాక్కుంటారు. మగ్గాలు పన్నెండని చెప్పాల. నూరని నమ్మి నూరు మగ్గాల పని ఇస్తే మనం ఎక్కడ పోతాం? అటక మీద పుస్తకాలు లేవని చెప్పనవసరం లేదు. దానితో ఆయనకు పని లేదు."

ఈ లెక్క నాకు నచ్చింది. అవతలి మనిషికి పనికొచ్చే నిజాలు చెప్పడం, మిగతావి మన ఇంట్లో ఉంచుకోవడం. అటక ఒక్కటైనా మిగిలింది నాకు.

ముందు జవాబులు సిద్ధం చేశాం. కోడలు బట్ట ముక్క మీద పోగులు లెక్కపెట్టే అద్దం పెట్టి ఫోటో తీసింది. పక్కన కాగితం మీద అంకెల్లో రాసింది, నిలువు పంతొమ్మిది, అడ్డం పదిహేను, బట్ట వెడల్పు, రోజుల లెక్క. అంకెలకు భాష లేదంది. బ్లీచింగు ఎలా ఉందో ఆయనకు మాటల్లో చెబితే చాలదని, ఒక గాజు గ్లాసులో నీళ్లు పోసి, మడిచిన బట్ట ముక్కను పైన వదిలి వీడియో తీసింది. సరిగ్గా బ్లీచింగు కాకపోతే నూలులో మైనం మిగిలి ముక్క పడవలా తేలుతుంది. మాది చూస్తుండగానే నీళ్లు తాగి అడుక్కి పోయింది.

తర్వాత నేను మూడోసారి మాట్లాడాను. అది అలాగే రాస్తున్నాను.

"అయ్యా, నమస్కారం. మీరు రాసి నెల దాటినాది. నేను జవాబు చెప్పలేదు, తప్పు నాదే, మన్నించండి. నాకు తెలుగు మాట్లాడను వస్తాది, చదవను రాదు. ఆ పొద్దు గొప్పకు వస్తాదని చెప్పినాను. ఇంకొకటి, మాకు ఉండేవి పన్నెండు మగ్గాలు, అందులో నాలుగు మీ పనికి ఇప్పుడే ఇయ్యగలము. మీరు అడిగిన మూడింటికీ జవాబు ఫోటోలో, వీడియోలో ఉండాది. మీరు చెప్పిన తేదీ దాటిపోయినాది, ఆ పని వేరేవాళ్లకు ఇచ్చి ఉంటే అది న్యాయమే. మళ్లీ ఎప్పుడైనా బట్ట కావాలంటే, శాంపిల్ పంపమని ఒక్క మాట చెప్పండి. మీ అడ్రసు మీరిచ్చిన కార్డులో ఉండాది, రెండు మీటర్లు ఆ పొద్దే పార్సిల్ వేస్తాము. ఇకమీదట మీరు కూడా వాయిస్ పంపితే నాకు సులువు."

నిమిషం కూడా లేదు. ఏడు నిమిషాలవాడికి అది ఉపవాసం లాంటిది. పంపేశాం.

రెండు నీలం గీతలు సాయంత్రానికి పడ్డాయి. విన్నాడు. జవాబు లేదు. మర్నాడంతా లేదు. నేను ఫోను పట్టుకుని హాలుకూ వాకిలికీ తిరుగుతుంటే కోడలు అంది. "ఒక పొద్దుకే ఇట్లా ఉంటే, ఆయనకు నెల ఎట్లా ఉండి ఉంటాది?" నేను కూర్చున్నాను.

మూడో రోజు పొద్దున ఆయన గొంతు వచ్చింది. వెనకాల స్కూటర్ల చప్పుడు.

"బాబాయిగారూ, నమస్తే అండీ. కోపం లేదని చెప్పనండీ, కొంచెం ఉంది. ఆ సరుకు నేను వేరే చోట తీసుకున్నాను, తప్పలేదు. మీది నూరు మగ్గాల మిల్లు కదా, మా చిన్న ఆర్డరు మీ కంటికి ఆనలేదేమో అనుకున్నాను. మా ఆవిడతో కూడా అన్నాను, పెద్దవాళ్ల దగ్గరికి మనం పోకూడదే అని. పన్నెండే అని ముందే చెప్తే అప్పుడే ఒకసారి ఫోను చేసేవాణ్ని కదండీ. శాంపిల్ పంపండి."

నేను ఆ వాయిస్ రెండోసారి వినలేదు. గొప్పకోసం నేను పెంచిన ఎనభై ఎనిమిది మగ్గాలూ ఆయనకు గోడలా అడ్డం నిలబడ్డాయన్నమాట. అవి లేకపోయి ఉంటే ఆ తేదీలోగానే ఫోను మోగి ఉండేది. ఎత్తి ఉండేవాణ్ని కూడా. మాట్లాడను వస్తుంది కదా.

శాంపిల్ ఆ మధ్యాహ్నమే పోయింది. పోయినట్టు పార్సిల్ రసీదు ఫోటో పంపాం. చేరిన రోజు ఆయనే ఫోను చేశాడు. స్పీకరులో పెట్టి కోడలు పక్కన కూర్చుంది. బట్ట నచ్చిందట. మొదట ఒక చిన్న లాటు, చూసుకోవడానికి, నాలుగు మగ్గాలకు రెండు వారాల పని. "ఎప్పటికి పంపగలరు బాబాయిగారూ? బ్లీచింగుతో కలిపి?"

నా నాలుక మీద ఒక తేదీ అప్పటికే ఎక్కి కూర్చుంది. చాలా అందమైన తేదీ. ఎవరూ చేయలేనిది. కోడలు నన్ను చూడలేదు. మేజా మీద కాగితం తిప్పి, నూలు ఎప్పుడు వస్తుంది, నేత ఎన్నాళ్లు, బ్లీచింగువాళ్లు ఎప్పుడు తీసుకుంటారు అని గీతలు గీస్తోంది. నేను ఆ గీతల చివర ఉన్న దినం చదివాను.

"వచ్చే నెల మూడో శనివారం."

"ముందు కాదా అండీ?"

"కాదు అయ్యా. ముందు చెప్తే మీకు సంతోషంగా ఉంటాది. చెప్పిన పొద్దుకు రాకపోతే ఉండదు."

అవతల కాగితం తిప్పిన చప్పుడైంది. తర్వాత, "శనివారం రాసుకుంటున్నానండీ" అన్నాడు.

నెల ముగియడానికి ఇంకా రెండు రోజులున్నాయి. కోడలు షెడ్డులోకి పోయి ఆ నాలుగు మగ్గాల ఆమెను పిలిచింది. నేనూ వెంట పోయాను, ఇంత మంచి వార్త ఇంకొకరు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. కానీ కోడలే ముందు చెప్పింది. రెండు వారాల పని ఉండాది, దాని తర్వాత ఉంటాదో లేదో తెలియదు అని, ఉన్నది ఉన్నట్టు.

ఆమె మగ్గం మీద చెయ్యి వేసి ఆలోచించింది. "రెండు వారాలేనా?"

"ఇప్పటికి అంతే."

"సరి. చూస్తాను. తళవాయిపురం బస్సు ఎక్కడికీ పోదు." తర్వాత నా వైపు తిరిగింది. "అయ్యా, ఆ గుంటూరాయన మీకు రాయలేదని చెప్పినారంట కదా?"

ఈ షెడ్డులో మగ్గాల చప్పుడులో కూడా మాట దాగదు. "రాసినాడమ్మా. నేనే చదవలేదు."

"నాకు చదువు రాదు. మీకు కూడా రాదా? అప్పుడు ఆ పొద్దే నన్ను అడగాల్సింది. ఇద్దరం కలిసి కోడలమ్మ దగ్గరకు పోయేవాళ్లం" అంది. నూలు దుమ్ము దులుపుతూ నవ్వింది. నూలు వచ్చిన పూటే ఉత్తరం వైపు నాలుగూ కదిలాయి. ఆ చప్పుడుకు కిటికీ అద్దం వణికింది. అది వణకకుండా ఉన్న నెలలో నాకు సరిగా నిద్ర పట్టలేదని అప్పుడు తెలిసింది. మధ్యాహ్నం నిద్ర మాట. రాత్రి బాగానే పట్టేది.

నడుమ ఒకసారి బ్లీచింగువాళ్లు ఒక రోజు ఆలస్యం అవుతుందన్నారు. పాత నేనైతే ఆ సంగతి దిండు కింద పెట్టుకునేవాణ్ని. ఈసారి ఆ సాయంత్రమే వాయిస్ పంపాను. "అయ్యా, ఒక పొద్దు ఆలస్యం అయ్యేటట్టు ఉండాది, శనివారానికి ఇబ్బంది లేదు, మాకు రెండు పొద్దులు చేతిలో ఉండాయి." ఆయన ఒక బొటనవేలి బొమ్మ పంపాడు. అంతే. దేశం ఏమీ మునగలేదు.

సరుకు శుక్రవారం లారీ ఎక్కింది. తర్వాత వారంలో ఆయన వాయిస్ వచ్చింది. ఇంకో లాటు కావాలి, మొదటిదానికి రెండింతలు, ఈసారి ఆ వేరేవాళ్ల సరుకు తగ్గించి మనకు ఇస్తున్నాడు. చివర అన్నాడు. "బాబాయిగారూ, మీరు తెలుగు చదవలేనని చెప్పినప్పుడు మా ఆవిడ నవ్విందండీ. నేనూ స్టాల్లో మీకు ఒకటి చెప్పాను, మూడు రాష్ట్రాలకు సరుకు వేస్తానని. రెండు జిల్లాలేనండీ."

నాకు ప్రాణం లేచొచ్చింది. కోడలికి వినిపించాను. ఆమె తలకొట్టుకుని, ఇద్దరికీ బాగా కుదిరినాది అంటూ నూలుకు ఫోను చేయడానికి పోయింది. షెడ్డులో ఆ నాలుగు మగ్గాల ఆమెకు నేనే చెప్పాను, ఈసారి ముందుగా. ఆమె తళవాయిపురంవాళ్లకు ఆ సాయంత్రం రానని చెప్పేసింది.

మర్నాడు టీ అంగడికి పోయి నా స్నేహితుడితో చెప్పాను. గుంటూరాయనకు చెప్పిన తేదీకంటే మూడు రోజులు ముందే పంపించేశామని. ఒక రోజే ముందు పంపాం. కానీ వాడు నెల్లూరు చూసివచ్చిన మనిషి, వాడికి ఒక రోజు అంటే ఆనదు.